ఆగి చూశారు, కొనలేదు

ఫోన్‌లో వేలు పైకి జరుపుతూ పోయే మనిషిని ఆపడమే వీడియో ప్రకటనకు మొదటి పని. అందుకే ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లంతా ముందు చూసుకునే అంకె హుక్ రేటు. ప్రకటన ఎన్నిసార్లు తెర మీద కనబడింది, అందులో ఎన్నిసార్లు కనీసం మూడు సెకన్లు ఆడింది అన్నదే ఈ లెక్క. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు నడిపే మెటా యాడ్స్ మేనేజర్‌లో ఈ రెండు అంకెలూ దొరుకుతాయి. చిక్కల్లా అక్కడితో ఆగిపోవడంలోనే ఉంది. హుక్ రేటు బ్రహ్మాండంగా ఉండి, ఒక్క ఆర్డరూ తేలేని వీడియోలు బోలెడు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఆవకాయ అమ్మే ఒక చిన్న వ్యాపారి ముప్ఫై సెకన్ల వీడియోలు రెండు చేయించారు. మొదటిది పచ్చడి జాడీ చేయి జారి నేల మీద భళ్లున పగలడంతో మొదలవుతుంది. నాలుగో సెకను నుంచి సంస్థ గుర్తు, స్థాపకుల కథ. పదివేల సార్లు కనబడితే 4,200 సార్లు మూడు సెకన్లు దాటింది. హుక్ రేటు 42 శాతం. చూడగానే ఎవరైనా సంబరపడతారు.

పక్క వరుసల్లోకి వెళ్తే అసలు కథ బయటపడుతుంది. వీడియోలో పావు వంతు, అంటే ఏడున్నర సెకన్లు చూసినవి 900. పదిహేను సెకన్లు దాటినవి 380. ఈ పదిహేను సెకన్ల మైలురాయిని మెటా త్రూప్లే అంటుంది. వీడియో అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూస్తే త్రూప్లే. మూడు సెకన్లు చూసినవాటిలో త్రూప్లే దాకా వచ్చినవి ఎన్నో చెప్పేది హోల్డ్ రేటు. ఇక్కడ అది తొమ్మిది శాతమే. మూడో సెకనుకీ ఏడో సెకనుకీ మధ్య 3,300 పోయాయి. జాడీ చప్పుడుకు ఆగినవాళ్లు పచ్చడి కోసం ఆగలేదు. ఏమైందోనని చూసి, స్థాపకుల ఫొటో రాగానే వెళ్లిపోయారు.

రెండో వీడియోలో జాడీ పగలదు. వేడి అన్నంలో నెయ్యి, ఆవకాయ కలుపుతున్న చేయి, మొదటి సెకనులోనే తెర మీద అరకిలో ధర. హుక్ రేటు 24 శాతమే, అంటే 2,400. అందులో 840 త్రూప్లే దాకా వచ్చాయి, హోల్డ్ రేటు 35 శాతం. ఆర్డర్లు వచ్చింది దీనికే. ధర చూసి అక్కర్లేదనుకున్నవాళ్లు మొదట్లోనే తప్పుకున్నారు, మిగిలినవాళ్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు. తక్కువ హుక్ రేటు ఇక్కడ లోపం కాదు, వడపోత. మొదటి అంకె ఒక్కటే చూసి ఈ వీడియోను ఆపేయడమే ఈ రంగంలో తరచూ జరిగే నష్టం.

చివరిదాకా చూడటాన్ని, అంటే కంప్లీషన్‌ను, ఇంకా జాగ్రత్తగా చదవాలి. పది సెకన్లకే నచ్చి లింకు నొక్కినవాళ్లు చివరిదాకా ఉండకపోవచ్చు. కాబట్టి బాగా అమ్మే వీడియోకు కూడా కంప్లీషన్ తక్కువ రావచ్చు. పన్నెండు సెకన్ల వీడియోకు ఎక్కువ వచ్చిందని, నలభై ఐదు సెకన్లదాన్ని తీసిపారేయడమూ అన్యాయమే. అందరూ చివరిదాకా చూసి, లింకు ఎవరూ నొక్కలేదంటే వీడియో వినోదం ఇచ్చిందే కానీ ధర, పంపే విధానం, ఎక్కడ కొనాలన్నది చెప్పలేదేమో చూడాలి. లింకు నొక్కినవాళ్లు బాగానే ఉండి ఆర్డర్లు లేకపోతే వీడియోను మళ్లీ తీయించడం దండగ. అమెరికాలో ఉన్న కూతురికి పంపాలనుకున్న తల్లికి రవాణా ఖర్చు చివరి పేజీలోగానీ తెలియలేదేమో, తప్పు అక్కడ వెతకాలి.

ఈ శాతాలను దేనితో భాగించారన్నది అడగకుండా నమ్మకూడదు. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ఒక పొరపాటు ఒప్పుకుంది. సగటున ఎంతసేపు చూశారో లెక్కించేటప్పుడు మూడు సెకన్ల లోపే వెళ్లిపోయినవాటిని వదిలేసి భాగించింది. దాంతో దాదాపు రెండేళ్లపాటు ప్రకటనదారులకు సగటు ఉన్నదానికన్నా ఎక్కువ కనబడింది. హోల్డ్ రేటుకూ ఇదే తంటా. అందరూ ఒప్పుకున్న ఒకే సూత్రం దానికి లేదు. కొందరు త్రూప్లేలను మూడు సెకన్ల చూపులతో భాగిస్తారు, కొందరు మొత్తం కనబడిన సార్లతో. జాడీ వీడియోకే మొదటి పద్ధతిలో తొమ్మిది శాతం వస్తే, రెండో పద్ధతిలో నాలుగు కూడా రాదు. ఏజెన్సీ నెలాఖరున పంపే నివేదికలో ముందు అడగాల్సింది ఈ భాగహారం సంగతే. ఆ తర్వాత వీడియోను పక్కన పెట్టుకుని, జనం జారిపోయిన సెకను దగ్గర ఆపి, అక్కడ తెర మీద ఏముందో చూడాలి.