మాత్ర ఎంత కరిగింది? ఆ శాతం వెనుక లెక్క

మాత్ర మింగగానే మందు ఒంటికి పట్టదు. ముందు అది విడిపోవాలి, తర్వాత అందులోని మందు కరగాలి. కరిగిన మందే పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తుంది. అందుకే జీడిమెట్ల, పాశమైలారం లాంటి చోట్ల మాత్రలు తయారుచేసే కంపెనీల క్యూసీ ల్యాబుల్లో డిసొల్యూషన్ పరీక్ష చేస్తారు. ఇంతసేపట్లో ఇంత శాతం మందు కరిగిందని చెప్పే పరీక్ష ఇది. ఆ శాతాన్ని ఎలా రాబడతారో పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రతో చూద్దాం.

అమెరికా ఫార్మకోపియా ప్రకారం, అడుగు గుండ్రంగా ఉన్న గాజు పాత్రలో పీహెచ్ 5.8 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ 900 మిల్లీలీటర్లు పోస్తారు. దాన్ని మన ఒంటి వేడికి సరిగ్గా, 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అడుగుకు 25 మిల్లీమీటర్ల ఎత్తులో ప్యాడిల్ నిమిషానికి 50 చుట్లు తిరుగుతుంది. ఇలాంటి ఆరు పాత్రల్లో ఆరు మాత్రలు వేస్తారు. 30 నిమిషాలకు 80 శాతం కరగాలన్నది ప్రమాణం. మొదటి దశలో మాత్రం దానికి 5 కలిపి చూస్తారు: ఆరింటిలో ప్రతి మాత్రా కనీసం 85 శాతం వదలాలి. ఒక్కటి తగ్గినా మరో ఆరు పరీక్షించి, పన్నెండింటి సగటు 80కి తగ్గలేదని, ఏ ఒక్కటీ 65 కన్నా దిగువకు పోలేదని చూస్తారు.

శాంపిల్ తీసే సమయంలో 2 శాతానికి మించి తేడా రాకూడదు. 30 నిమిషాలకు అది 36 సెకన్లు. ఆరు పాత్రల్లోనూ ఒకేసారి శాంపిల్ తీయడం చేతితో కుదరదు కాబట్టి మాత్రలను కొంత ఎడంతో ఒక్కొక్కటిగా వేసి, అదే ఎడంతో తీస్తారు. నీటిమట్టానికీ ప్యాడిల్ పైఅంచుకీ మధ్యలో, గాజు గోడకు కనీసం ఒక సెంటీమీటరు దూరంలో తీయాలి. తీసిన వెంటనే వడకట్టాలి. లేకపోతే శాంపిల్‌తో వచ్చిన మందు రేణువులు గొట్టంలో కూడా కరుగుతూనే ఉంటాయి, శాతం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క. 10, 20, 30 నిమిషాలకు 10 మిల్లీలీటర్ల చొప్పున తీసి, ప్రతిసారీ అంతే కొత్త బఫర్ పోశాం అనుకుందాం. ఒక మిల్లీలీటరులో ఉన్న మందు వరుసగా 0.30, 0.42, 0.47 మిల్లీగ్రాములని తేలింది. చివరిదాన్ని 900తో హెచ్చిస్తే 423 మిల్లీగ్రాములు, అంటే 84.6 శాతం. మాత్ర మొదటి దశ దాటనట్టే కనిపిస్తుంది. కానీ ముందు రెండు శాంపిళ్లతో 3, 4.2 మిల్లీగ్రాముల మందు బయటికి వెళ్లిపోయింది. అదీ ఈ మాత్ర వదిలిన మందే. కలిపితే 430.2 మిల్లీగ్రాములు, 86 శాతం. తీసిన మందును లెక్కలో చేర్చడం మరిచిపోతే మంచి మాత్ర కూడా తప్పినట్టు తేలుతుంది.

పారాసెటమాల్ నీటిలో బాగానే కరుగుతుంది కాబట్టి పని ఇంతటితో తేలింది. సరిగా కరగని మందులతో అసలు చిక్కు. అప్పటికే బెల్లం నిండుగా కరిగిన పానకంలో ఇంకో ముక్క వేస్తే నెమ్మదిగా కరుగుతుంది. కరగడానికి మిగిలిన చోటును బట్టే వేగం ఉంటుందని నోయెస్, విట్నీ 1897లోనే చూపారు. ఒక మందు 900 మిల్లీలీటర్లలో గరిష్ఠంగా 270 మిల్లీగ్రాములే కరుగుతుందనుకోండి. 90 మిల్లీగ్రాముల మాత్ర మొత్తం కరిగినా నీళ్లు మూడో వంతే నిండుతాయి. మీడియం ఇలా అవసరానికి కనీసం మూడు రెట్లు ఉంటే సింక్ కండిషన్ అంటారు. అదే మందు 200 మిల్లీగ్రాముల మాత్ర వేస్తే, చివరికొచ్చేసరికి నీళ్లు మూడొంతులు నిండిపోయి వేగం పడిపోతుంది. అప్పుడు మాత్ర మందకొడిదా, నీళ్లే చాలలేదా అన్నది తేల్చలేం. మూర్ఛకు వాడే కార్బమజిపైన్ పరీక్షలో నీటికి 1 శాతం సోడియం లారిల్ సల్ఫేట్ కలిపేది ఇందుకే. అవసరానికి మించి కలిపితే నాసిరకం మాత్ర కూడా గబగబా కరిగిపోయి, మంచిదానికీ చెడ్డదానికీ తేడా తెలియకుండా పోతుంది.

గ్రాఫ్ 92 శాతం దగ్గర ఆగిపోతే ఎలా చదవాలి? ఈ శాతం లేబుల్ మీద రాసిన మోతాదుకు లెక్క. మాత్రలో ఉన్నదే 92 శాతమైతే అంతకు మించి రాదు. అందుకని అదే బ్యాచ్ అస్సే విలువ మొదట చూడాలి. అది 100 దగ్గర ఉంటే పాత్ర అడుగు చూడాలి. ప్యాడిల్ కింద పొడి కుప్పపడి ఉండవచ్చు. అలాంటప్పుడు చివర్లో ప్యాడిల్‌ను 200 చుట్ల వేగంతో కొంతసేపు తిప్పి మరో శాంపిల్ తీస్తారు. శాతం 100 వైపు లేస్తే మందు కుప్పలో చిక్కుకుందని అర్థం. లేవకపోతే మందును ఫిల్టర్ పట్టేసుకుంటోందా, మీడియం చాలడం లేదా అన్నది చూడాలి.