వీపు మీది వెంట్రుకలు: చెయ్యి అందని చోట ఏం చేయాలి?

వీపు మీద వెంట్రుకలు రావడం మగవాళ్లలో జబ్బు కాదు. వంశంలో ఉన్న లక్షణానికి పురుష హార్మోన్లు తోడై, చాలామందికి వయసు పెరిగేకొద్దీ ఒత్తుగా వస్తాయి. ఉంచుకుంటే నష్టమేమీ లేదు. తీసేయాలనుకున్నవాళ్లకు మాత్రం గడ్డం దగ్గర లేని చిక్కొకటి ఎదురవుతుంది. ఆ చోటు కంటికి కనబడదు, చేతికి అందదు.

ఇంట్లో ఉన్న ట్రిమ్మర్‌తో భుజాలు, మెడ కింద, నడుము దగ్గర ఎవరికి వారే చేసుకోవచ్చు. మిగిలిపోయేది రెండు రెక్కల మధ్య భాగం. దానికోసం పొడుగు పిడి ఉన్న ట్రిమ్మర్లు దొరుకుతున్నాయి. గోడ అద్దానికి వీపు పెట్టి, చేతిలో చిన్న అద్దం పట్టుకుని చూస్తూ వాడాలి. అయితే పిడి పొడుగయ్యేకొద్దీ చర్మం మీద ఎంత ఒత్తిడి పడుతోందో చేతికి తెలియదు. గార్డు లేని బ్లేడును గట్టిగా నొక్కితే ఎర్రటి గీతలు పడతాయి, పుట్టుమచ్చ ఉంటే తెగుతుంది.

ట్రిమ్మర్ వెంట్రుకను చర్మం దాకా కత్తిరించదు. కొద్దిగా మొదలు మిగులుతుంది కాబట్టి మర్నాటికే గరుకుగా తగులుతుంది. గీసినకొద్దీ ఒత్తుగా పెరుగుతాయన్న భయం మాత్రం అక్కర్లేదు. అమెరికన్ శరీరశాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొందరు మగవాళ్ల గడ్డాల మీద దీన్ని పరీక్షించారు. గీయడం వల్ల వెంట్రుక మందమూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు. సహజంగా సన్నగా ఉండే కొస పోయి మొద్దు అంచు మిగులుతుంది గనక అలా అనిపిస్తుందంతే.

అదే ట్రిమ్మర్ ఇంకొకరి చేతిలో ఉంటే పని పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. ఎక్కువమందికి సరిపడే దారి ఇదే. భార్యో తమ్ముడో స్నేహితుడో, ఎవరైనా ఫరవాలేదు. స్నానానికి ముందు, ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు, మంచి వెలుతురులో కూర్చోవాలి. వీపు మీద వెంట్రుకలు అన్నీ ఒకే వైపు పెరగవు కాబట్టి చేసేవాళ్లు ముందు అరచేత్తో నిమిరి ఏ చోట ఎటు వాలి ఉన్నాయో చూసుకోవాలి. మొదట గార్డు పెట్టి పొడుగు తగ్గించి, తర్వాత గార్డు తీసి, ఒక చేత్తో చర్మాన్ని బిగబట్టి, వాలుకు ఎదురుగా మెల్లగా నడపాలి. మధ్యమధ్యలో బ్లేడును మణికట్టుకు తాకించి, వేడెక్కితే కాసేపు ఆపాలి.

ఇంట్లో అడగడానికి మొహమాటమైతే సెలూన్ ఉంది. అక్కడికి సొంత ట్రిమ్మర్ పట్టుకెళ్లడం మేలు. కత్తితో గీయించుకుంటే బ్లేడు కళ్లముందే కొత్తది వేయించుకోవాలి. ఒకరికి వాడిన బ్లేడుకు అంటిన రక్తం ద్వారా హెపటైటిస్ బి వంటివి సోకుతాయి.

వ్యాక్సింగ్ లెక్క వేరు. వెంట్రుక మొదలుతో సహా వస్తుంది కాబట్టి మూడు నాలుగు వారాలు వీపు నున్నగా ఉంటుంది, నొప్పి కూడా ఆ మేరకు ఉంటుంది. ఒంటరిగా చేసుకునే పని కాదిది. వ్యాక్స్‌ను వెంట్రుకల వాలు వెంబడి పూసి, పట్టీని వాలుకు ఎదురుగా, చర్మానికి ఆనించినట్టే ఒక్క ఊపున లాగాలి. పైకెత్తి లాగితే వెంట్రుకలు మధ్యలో తెగి, కొన్ని చర్మం లోపలే పెరిగి గడ్డలు కడతాయి. ముందు వెంట్రుక అర సెంటీమీటరైనా పెరిగి ఉండాలి, లేకపోతే వ్యాక్స్‌కు పట్టు దొరకదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు దీని జోలికి పోకూడదు, చర్మమే ఊడిరావచ్చు. మాత్రలు ఆపాక కూడా ఆరు నెలలు ఆగమంటారు.

పెళ్లికొడుకును చేసే రోజునే తీసుకుందాం. చొక్కా లేకుండా కూర్చోబెట్టి, పసుపు పూసి, నలుగు పెట్టి రుద్దుతారు. ఫొటోలూ తప్పవు. ముందురోజు సాయంత్రం వీపంతా వ్యాక్స్ చేయించుకుని వచ్చిన కుర్రాడికి తెరుచుకున్న రంధ్రాల మీద ఆ పిండి మంట పుట్టిస్తుంది. అందుకే నలుగుకు నాలుగైదు రోజుల ముందే చేయించుకోవాలి. ఆ తర్వాత ఒకరోజు వేడినీళ్ల స్నానం, వ్యాయామం, బిగుతు చొక్కాలు మానాలి. చెమట పట్టి, బట్ట రాసుకున్నచోటే ఎర్రటి పొక్కులు ముందు లేస్తాయి. అవి మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. చీము పట్టి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా చర్మవైద్యుడికి చూపించాలి.

మొదటిసారి చేయించుకునేవాళ్లు నెల ముందే భుజం వెనక అరచేయంత మేర చేయించి చూడటం మంచిది. అక్కడ పొక్కులు వారం దాటినా తగ్గకపోతే వీపంతా వ్యాక్స్ చేయించుకునే ఆలోచన మానుకుని, నలుగుకు ముందురోజు గార్డు పెట్టిన ట్రిమ్మర్‌ను తమ్ముడి చేతికిస్తే సరిపోతుంది.