మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి: స్ప్లింటా, ఇంజెక్షనా?

ఒక తల్లి సంగతి అనుకుందాం. పాపకు మూడో నెల. పాప చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకోబోయేసరికి, మణికట్టులో బొటనవేలి వైపు కోసినట్టు నొప్పి. గుడ్డలు పిండినా, సీసా మూత తిప్పినా అదే బాధ. ఎక్స్-రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. మరి నొప్పి ఎక్కడిది?

కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగాన్ని టెండన్ అంటారు. బొటనవేలిని పక్కకు చాచేది ఒక టెండన్, పైకి లేపేది మరొకటి. ఈ రెండూ మణికట్టు దగ్గర సుమారు 2 సెంటీమీటర్ల పొడవున్న ఇరుకైన సొరంగంలోంచి వెళ్తాయి. దాని అడుగు ఎముక, కప్పు గట్టి పొర. బొటనవేలు చాచి, మణికట్టు వంచి బరువెత్తినప్పుడు ఈ తాళ్లు సొరంగం అంచు దగ్గర వంపు తిరుగుతాయి. తాడును ఎంత బిగించి లాగితే అది వంపు దగ్గర అంతగా ఒత్తుకుంటుంది. రోజుకు ఎన్నోసార్లు పాపను ఎత్తే చేతిలో ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది.

స్విట్జర్లాండ్ శస్త్రచికిత్స నిపుణుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో దీన్ని వర్ణించారు. అందుకే ఇది డి కెర్వాన్ టెనోసైనోవైటిస్. పేరులోని 'ఐటిస్' అంటే మంట, వాపు అని అర్థం. కానీ ఆపరేషన్‌లో తీసిన ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తే, ప్రధానంగా కనిపించేది సొరంగం కప్పు మందమెక్కడమే. దారి ఇరుకైంది, తాడు జారడం లేదు. అసలు చిక్కు అదీ.

దీన్ని పట్టుకునే పరీక్ష ఇంటర్నెట్‌లో చాలామందికి తెలిసిందే: బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచడం. దీన్ని అందరూ ఫింకెల్‌స్టీన్ పరీక్ష అంటారు గానీ, నిజానికి ఇది 1927లో ఐఖాఫ్ వర్ణించింది. హ్యారీ ఫింకెల్‌స్టీన్ 1930లో రాసిన పద్ధతి వేరు. అందులో రోగి పిడికిలి బిగించరు. డాక్టరే రోగి బొటనవేలిని పట్టుకుని, చేతిని చిటికెనవేలి వైపు చటుక్కున లాగుతారు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. పిడికిలి పద్ధతిలో ఏ జబ్బూ లేని చేయి కూడా నొప్పి పెట్టవచ్చు. కాబట్టి ఇంట్లో చేసుకుని 'నొప్పి వచ్చింది, నాకూ అదే జబ్బు' అనుకోవడం తొందరపాటు. రెండో చేతితో పోల్చి చూడాలి. నొప్పి సరిగ్గా ఎక్కడో కూడా చూడాలి. మణికట్టు పక్కన బొటనవేలి వైపు పొడుచుకొచ్చిన ఎముక మీద నొక్కితే నొప్పి వస్తే అది ఈ సొరంగమే. బొటనవేలి మొదటి కీలు దగ్గరైతే కీళ్ల అరుగుదల కావచ్చు. కింద పడ్డాక మొదలైన నొప్పి అయితే ఎముక విరగలేదని ముందు తేల్చుకోవాలి.

ఇక చికిత్స. స్ప్లింట్ మణికట్టునూ బొటనవేలినీ కదలకుండా పట్టి ఉంచుతుంది. బొటనవేలి చివరి కీలు మాత్రం వదిలేస్తుంది. సాధారణంగా 4 నుంచి 6 వారాలు వాడమంటారు. వేసుకున్నంతసేపూ హాయిగా ఉంటుంది. అయితే పాపకు స్నానం చేయించాలంటే తీయాలి, తీయగానే పాత బరువే. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే సొరంగంలోకే వెళ్తుంది. మందమెక్కిన పొర పలచబడి తాళ్లకు చోటు దొరుకుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కలిపి 18 మందిపై చేసి 2002లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో ఇంజెక్షన్ తీసుకున్నవారందరికీ నొప్పి పోయింది. స్ప్లింట్ వాడినవారిలో ఎవరికీ పూర్తిగా పోలేదు. అయితే పాలివ్వడం మానాక వారికీ తగ్గిపోయింది.

ఇంజెక్షన్ కూడా ఒక్కోసారి విఫలమవుతుంది. కొందరిలో సొరంగం మధ్య ఒక అడ్డుగోడ ఉండి, రెండు టెండన్లూ వేర్వేరు గదుల్లో ఉంటాయి. మందు ఒక గదిలోకే వెళ్తే నొప్పి మిగిలిపోతుంది. అప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేయడం మేలు. మందు చర్మం కిందే చిందితే ఆ చోట రంగు వెలిసిపోవచ్చు, చర్మం పలచబడవచ్చు. చామనఛాయ చర్మంపై ఆ తెలుపు బాగా కనిపిస్తుంది, పోవడానికి నెలలు పట్టవచ్చు. మధుమేహం ఉంటే కొద్ది రోజులు చక్కెర పెరుగుతుంది. ఇవేవీ పనిచేయకపోతే సొరంగం కప్పును కోసి తెరిచే చిన్న ఆపరేషన్ ఉంది.

మళ్లీ ఆ తల్లి దగ్గరికి వద్దాం. నొప్పి కొత్తదై, ఓర్చుకోగలిగి, పాపను ఎత్తడానికి ఇంట్లో మరొకరు ఉంటే ముందు స్ప్లింట్ వాడవచ్చు. పాపను ఎత్తడమే కష్టమైతే, కొన్ని వారాల స్ప్లింట్ తర్వాతా మార్పు లేకపోతే ఇంజెక్షన్ గురించి అడగాలి. పాలిస్తున్నట్టు, చక్కెర ఉంటే అదీ డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ దారి ఎంచుకున్నా, బొటనవేళ్లు చాచి చంకల కింద ఎత్తే బదులు అరచేతులు పైకి తిప్పి, ఒక చేయి పిరుదుల కింద, మరో చేయి తల వెనక పెట్టి ఎత్తుకుంటే ఆ తాళ్ల మీద బరువు తగ్గుతుంది.