ఆ 2.76 ఎక్కడి నుంచి వచ్చింది?

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ విద్యార్థి థీసిస్‌కి ముందు కాంప్రహెన్సివ్ పరీక్ష గట్టెక్కాలి. అక్కడ చదివే మన పిల్లలు చాలామంది పేపరుకో పేజీ చొప్పున సారాంశాలు రాసుకుంటారు. పరీక్షలో మాత్రం ఫలానా పేపరులో ఏముందని అడగరు. ‘కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా?’ అని అడుగుతారు. అందుకే నోట్సులో పేజీకి శీర్షికగా రచయిత పేరు కాకుండా ఆ ప్రశ్నే ఉండాలి. దాని కింద ఒక్కో వాదన, ప్రతి వాదన పక్కన దాని ఆధారం రావాలి.

ఆర్థికశాస్త్రంలో పేరున్న ఒక పేపరునే తీసుకుందాం. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెరగలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సర్వే చేశారు. 1994లో ఫలితం ప్రచురించారు: వేతనం పెరిగినా ఉద్యోగాలు తగ్గలేదు.

చాలా నోట్సులు ఇక్కడితో ఆగిపోతాయి. ఇది వాదన మాత్రమే. ఆధారం రాయాలంటే అంకెల దగ్గరికి వెళ్లాలి. ఇద్దరు పార్ట్‌టైమ్ వాళ్లను ఒక ఫుల్‌టైమ్ ఉద్యోగిగా లెక్కిస్తే, న్యూజెర్సీలో హోటల్‌కి సగటున 20.44 మంది ఉన్నది 21.03 అయింది. పెరిగింది అర మంది చిల్లరే. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి పడిపోయింది. రెండు మార్పుల తేడాయే పేపరులోని 2.76. అంటే అందులో పెద్ద వాటా పెన్సిల్వేనియా తగ్గుదలది. వేతనం పెంచకపోతే న్యూజెర్సీ కూడా అలాగే తగ్గేదని ఒప్పుకుంటేనే ఆ అంకెకు అర్థం. నోట్సులో అన్నిటికంటే విలువైన వాక్యం ఇదే, ఎందుకంటే పరీక్షకులు తవ్వేది ఇక్కడే.

ఇప్పుడు ఎదుటి వాదన అదే పేజీలోకి వస్తుంది. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ ఫోన్ సర్వేను నమ్మకుండా హోటళ్ల జీతాల రికార్డులు తీసుకుని, ఉద్యోగాలు తగ్గాయని 2000లో రాశారు. అదే ఏడు కార్డ్, క్రూగర్ ప్రభుత్వ రికార్డులతో మళ్లీ లెక్కగట్టి, ప్రభావం దాదాపు లేదన్నారు. ఇక్కడ పోలిక పద్ధతి మారలేదు, కొలిచిన సమాచారం మారింది. తగాదా దేని మీదో రాసుకోని విద్యార్థి ‘భిన్నాభిప్రాయాలున్నాయి’ అనడం దగ్గరే చిక్కుబడతాడు.

ఇంకో హద్దు కూడా రాయాలి. ఇది ఒక రాష్ట్రం, ఒక రకం హోటళ్లు, కొన్ని నెలల సంగతి. ఎంత పెంచినా నష్టం లేదని ఈ పేపరు చెప్పలేదు.

నోట్సు సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి: పేపరు మూసేసి, ఏ అంకె వేరుగా వచ్చి ఉంటే ఈ వాదన నిలిచేది కాదో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ఆ పేపరులోని పట్టికలను మళ్లీ తెరవండి.