తాళాలు ఎప్పుడిస్తారు సార్?

పెరంబూరు: రైల్వేలో పనిచేసి రిటైరైన ఆయన 60 లక్షల ఫ్లాటుకు 48 లక్షలు కట్టేశారు. ఇల్లింకా పూతల దగ్గరే ఉంది. నెలనెలా అద్దె, బ్యాంకు వాయిదా రెండూ తప్పడం లేదు. 'ఇందులో ఏముందో చూసి చెప్పండయ్యా' అంటూ అగ్రిమెంటును తెలిసిన తెలుగు వకీలు ముందు పెట్టారు. 2023 దాకా చెన్నైలో ఫ్లాటుకు మామూలుగా రెండు కాగితాలుండేవి. ఒకటి విభజించని స్థలం వాటాకు రాసే క్రయపత్రం, రెండోది నిర్మాణ ఒప్పందం. అప్పగింత తేదీ ఉండేది రెండోదాంట్లోనే.

ఒప్పందం 2022 మార్చి 15న రాశారు. నిర్మాణానికి 30 నెలలు, పైన 6 నెలల గడువు. అంటే 2025 మార్చి 15కి తాళాలు చేతికి రావాలి. 'సిమెంటు, కూలీల కొరత వస్తే గడువు పెరుగును' అన్న లైను కింద వకీలు గీత గీశారు. తుపాను, వరద, యుద్ధం లాంటివి రెరా చట్టంలో ఉన్నాయి. 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను పేరు చెప్పి కొన్ని రోజులు అడగొచ్చు. సిమెంటు కొరత మాత్రం ఆ జాబితాలో లేదు.

ఇక ఆలస్యానికి పరిహారం. చదరపు అడుగుకు నెలకు 5 రూపాయలు. 900 అడుగులకు 4,500. అదే కొనుగోలుదారు వాయిదా ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ! ఆరు లక్షల వాయిదాకు నెలకు 9 వేలు. రెరా ప్రకారం వడ్డీ ఇద్దరికీ ఒకటే. తమిళనాడు నిబంధనల్లో అది స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్‌పై 2 శాతం అదనం. లెక్కకు 11 శాతం అనుకుంటే, 48 లక్షలకు నెలకు 44 వేలు. తాళాలిచ్చేదాకా నెలనెలా ఇవ్వాలని 18వ సెక్షన్ చెబుతోంది. ఇలాంటి ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడా బిల్డరు రాసుకున్నది 18 శాతమే.

'పోనీ వదిలేసుకుంటేనో?' అన్నారు ఆయన భార్య. రద్దు చేసుకుంటే మొత్తం ధరలో 10 శాతం, అంటే ఆరు లక్షలు కోత. మిగతాది ఫ్లాటు మళ్లీ అమ్ముడయ్యాక ఇస్తారట. 'అది మనసు మార్చుకున్నవాళ్లకమ్మా' అన్నారు వకీలు. గడువు దాటించింది బిల్డరైతే కోత లేకుండా, వడ్డీతో సహా మొత్తం వెనక్కి అడిగే హక్కుంది. అయితే వాయిదాలు తాము సకాలంలో కట్టిన రసీదులు చూపాలి. ఫిర్యాదు ఎగ్మూరులోని తమిళనాడు రెరా ఆఫీసుకు.

రెరా వెబ్‌సైటులో బిల్డరు తేదీ పొడిగించుకున్నాడని భయం అక్కర్లేదు. దానివల్ల అగ్రిమెంటు తేదీ మారదని 2020లో ఇంపీరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లేవబోతూ ఆమె సంచిలోంచి మరో కాగితం తీశారు. కొత్త తేదీకి ఒప్పుకుంటున్నామని, పాత ఆలస్యంపై ఏమీ అడగమని రాసుంది. సంతకం చేసి పంపమని బిల్డరు ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోనొచ్చిందట.

'పెట్టారా?'

'ఇంకా లేదయ్యా. మీకు చూపించాకే అనుకున్నాం.'

వకీలు ఆ కాగితం తీసుకుని తన ఫైల్లోనే పెట్టుకున్నారు.