పది అడుగుల సంపులో నీళ్లెన్ని?

ఇంటి ముందు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతున కాంక్రీటు సంపు కట్టిస్తున్నారనుకుందాం. ఈ కొలతలను గుణిస్తే 560 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 15,850 లీటర్లు. చాలామంది ఇంటి యజమానులు ఈ అంకెనే నమ్ముకుంటారు. కానీ అవి బయటి కొలతలు. గోడలు, అడుగు శ్లాబు, పై శ్లాబు అన్నీ అందులోనే ఉన్నాయి.

అన్నిటి మందం 6 అంగుళాలే అనుకుందాం. పొడవులో రెండు వైపులా గోడలుంటాయి కాబట్టి అక్కడ పోయేది అరడుగు కాదు, అడుగు. వెడల్పులోనూ అంతే. లోతులో రెండు శ్లాబులూ కలిసి మరో అడుగు తింటాయి. లోపల మిగిలేది 9 × 7 × 6, అంటే 378 ఘనపుటడుగులు, సుమారు 10,700 లీటర్లు. మూడో వంతు కాంక్రీటుకే పోయింది. అదీ పూర్తిగా వాడుకోలేం. బాల్ వాల్వ్ కోసం పైన అరడుగు వదలాలి, ఫుట్ వాల్వ్ కింద మరో అరడుగు నీళ్లు ఉండిపోతాయి. మోటారుకు అందేది 8,900 లీటర్లే.

కాంక్రీటు లెక్కకూ ఇవే అంకెలు చాలు. 560లోంచి 378 తీసేస్తే 182. రెండడుగుల చదరపు మూత ఖాళీకి 2 తగ్గిస్తే 180 ఘనపుటడుగులు.

ఇది సరైనదో కాదో విడివిడిగా కట్టి చూసుకోవచ్చు. శ్లాబులు ఒక్కోటి 10 × 8 × ½, అంటే 40. గోడల దగ్గరే పొరపాటు జరుగుతుంది. బయటి చుట్టుకొలత 36 అడుగులు తీసుకుంటే నాలుగు మూలలూ రెండేసి సార్లు లెక్కలోకొచ్చి గోడలు 108 అవుతాయి. గోడ మందం మధ్యగా కొలవాలి: పొడవు 9½, వెడల్పు 7½, మొత్తం చుట్టూ 34 అడుగులు. దాన్ని అరడుగు మందంతో, 6 అడుగుల ఎత్తుతో గుణిస్తే 102. శ్లాబుల 80 కలిపితే మళ్లీ 182 వచ్చింది. రెండు దారుల్లో ఒకే అంకె రాకపోతే మూలల్లోనే వెతకండి.

ఇక సామాను. కలిపి పోశాక కాంక్రీటు కుదించుకుంటుంది కాబట్టి పొడి సామాను 1.54 రెట్లు కావాలి. 180కి 277 ఘనపుటడుగులు. ఇళ్లలో మామూలుగా వాడే 1:1½:3 పాళ్లలో మొత్తం భాగాలు ఐదున్నర. సిమెంటు 50.4 ఘనపుటడుగులు, అంటే 41 బస్తాలకు కాస్త పైన. ఇసుక 76, కంకర 151. వృథాకు రెండు మూడు బస్తాలు అదనంగా తెప్పించుకోవాలి. ప్లాస్టరింగు సిమెంటు ఇందులో లేదు. ఇనుము లెక్క కమ్మీల డ్రాయింగు నుంచే రావాలి.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. నీళ్లు నిలవుంచే ఇనుప కమ్మీల కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 కనీసం ఎం30 అడుగుతుంది. 1:1½:3 ఎం20 కిందికే వస్తుంది. ఇంజనీరు ఎం30 రాసిస్తే 180 ఘనపుటడుగులు మారవు, బస్తాలు మాత్రం పెరుగుతాయి. మేస్త్రీ 41 బస్తాలన్నప్పుడు ఏ పాళ్లకో అడిగి తెలుసుకోండి.