వెంటాడే సన్నివేశం రాయడమెలా?

కథలో ఒకరిని మరొకరు తరిమే ఘట్టం పండాలంటే, పరుగు మొదలవ్వకముందే పాఠకుడికి దారి తెలిసి ఉండాలి. ఎక్కడ మొదలు, ఎక్కడికి చేరాలి, మధ్యలో ఏముంది అన్న మూడు సంగతులు ముందే చెప్పాలి. పరుగు మధ్యలో వీధిని వర్ణించడానికి ఆగితే వేగం చస్తుంది. వర్ణించకుండా సాగితే ఎవరు ఎటు పోతున్నారో తెలియదు. సినిమాకు ఈ చిక్కు తక్కువ. 1968 నాటి ‘బుల్లిట్’ చిత్రంలో కార్లు తరుముకుంటుంటే ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ పదేపదే ఎదురవుతుంది, అయినా ఆ ఘట్టం గొప్పదిగానే నిలిచింది. బొమ్మ కళ్లముందు కదులుతుంటే దారిలోని తప్పు మరుగున పడుతుంది. కాగితం మీద ఆ వెసులుబాటు లేదు.

హైదరాబాద్ పాతబస్తీని తీసుకుని ఒక ఘట్టం అల్లి చూడవచ్చు. సుజాత చేతిలో ఇంటి అసలు దస్తావేజులున్నాయి. చార్మినార్ నుంచి హైకోర్టు గేటు దగ్గర ఎదురుచూస్తున్న వకీలుకు వాటిని అందించాలి. దారి తేలికైనది: ఉత్తరంగా గుల్జార్ హౌజ్, తర్వాత పత్తర్‌గట్టి, ఆపైన మదీనా కూడలి, అక్కడ ఎడమకు తిరిగితే హైకోర్టు. ఆటో దొరక్క నడక మొదలుపెట్టిన సుజాత ఈ గుర్తులను మనసులో లెక్కపెట్టుకున్నట్టు రెండు వాక్యాల్లో చెబితే చాలు, పాఠకుడి చేతికి పటం అందినట్టే. ఆ తర్వాతే వెనక ఇద్దరు మనుషులు కనబడాలి.

అడ్డంకులు కూడా ఆ చోటు నుంచే పుట్టాలి. గుల్జార్ హౌజ్ రోడ్డు మధ్యలో ఉన్న ఫౌంటెన్, వాహనాలు దాని చుట్టూ తిరిగి పోతాయి. అక్కడ సుజాత ఒక పక్క నుంచి వెళితే, తరిమేవాళ్లు రెండు పక్కలకూ విడిపోతారు. ఎక్కడి నుంచో లారీ వచ్చి అడ్డుపడటం కన్నా ఇది ఎంతో బలమైనది, ఎందుకంటే పాఠకుడికి ఆ ఫౌంటెన్ సంగతి ముందే తెలుసు. పేరాకు ఒకసారైనా ఇద్దరి మధ్య దూరం చెప్పాలి, అదీ మీటర్లలో కాదు, ‘నాలుగు కొట్ల దూరం’, ‘చేయి చాస్తే అందేంత’ అన్నట్టు.

ఇక వాక్యం. “తోపుడుబండిని తప్పించుకుని, తెగిన చెప్పును వదిలేసి, వెనక్కి చూస్తూ, జనాన్ని తోసుకుంటూ సుజాత మదీనా వైపు పరిగెత్తింది” అని రాస్తే తప్పేమీ లేదు గానీ, అసలు క్రియ చివరిదాకా రాదు. పాఠకుడు దాని కోసం ఆగుతాడు. అందుకే అసమాపక క్రియల గొలుసు తెంచాలి: “తోపుడుబండి అడ్డొచ్చింది. తప్పుకుంది. చెప్పు తెగింది. వదిలేసింది.” వేగం వచ్చింది, కానీ కొత్త చిక్కూ వచ్చింది. తప్పుకున్నది సుజాతా, బండా? తెలుగులో స్త్రీకీ వస్తువుకూ క్రియ ఒకేలా ముగుస్తుంది. పొట్టి వాక్యాల్లో కర్త ఎగిరిపోయినప్పుడు ఈ గందరగోళం తప్పదు. “సుజాత పక్కకు తప్పుకుంది” అని అక్కడొక్కచోట పేరు పెడితే సరిపోతుంది. ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు తరిమే ఘట్టంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

పొట్టి వాక్యాలే పేజీలకు పేజీలు సాగినా చెవికి మొద్దుబారుతుంది. నాలుగైదింటి తర్వాత ఒక పొడుగు వాక్యం రావాలి. సుజాత పత్తర్‌గట్టి రాతి వరండాలోకి దూరి, స్తంభం చాటున ఊపిరి పీల్చుకునే క్షణం దానికి తగిన చోటు.

ముప్పు మెట్టుమెట్టుగా పెరగాలంటే ప్రమాదాలు ఒకదాని మీద ఒకటి పేర్చడం కాదు, ప్రతి మలుపులో ఆమెకున్న ఒక్కో దారినీ మూసేయాలి. మొదట పోయేది కాగితాలే, ఇచ్చేస్తే వదిలేస్తారు. గుల్జార్ హౌజ్ దగ్గర ఫోన్ జారిపోతుంది, వకీలును పిలిచే వీల్లేదు. పత్తర్‌గట్టిలో వెనకవాడి మాట వినబడుతుంది: “మదీనా దగ్గర ఆపేయ్.” అంటే ముందు మూడోవాడున్నాడు. కూడలికి చేరేసరికి ఆ మూడోవాడు సొంత మరిదే. ఇప్పుడు పోయేది ఇల్లొక్కటే కాదు, మనుషుల మీద నమ్మకం కూడా. మొదటి పేరాలోనే కత్తి చూపిస్తే ఈ మెట్లకు చోటుండదు.

రాసింది నిలిచిందో లేదో తేల్చుకోవడానికి, ఆ ఘట్టాన్ని పాతబస్తీ ఎరగని ఒకరికిచ్చి, చదివాక దారి గీయమనాలి. వాళ్ల గీత ఎక్కడ తడబడితే, అక్కడ ఒక గుర్తో ఒక పేరో లోపించి ఉంటుంది. ఆ తర్వాత ఏదైనా ఒక మలుపు తీసేసి చదవాలి. కథ మారకపోతే ఆ మలుపును కొట్టేయాలి.